‘ఇష్ బ్రౌఖె’తో మొదలుపెడదాం: జర్మన్ నామవాచకాల లింగాలపై ఒక ప్రసంగం

(జర్మనీకి చదువుకో, నర్సు ఉద్యోగానికో వెళ్లేందుకు భాష నేర్చుకుంటున్న తెలుగువారి కోసం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. ముందు వరసలో చాలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనకవాళ్లు ముందుకు రండి. బోర్డు మీద రాసేది కొంచెం ఉంది.

మీలో ఎక్కువమంది ఎ1 పూర్తి చేశారు, కొందరు ఎ2లో ఉన్నారు. అంటే డేర్, డీ, డస్ అనే మూడు ఆర్టికల్స్ మీకు కొత్త కాదు. పుంలింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసక లింగానికి డస్. ఇంతవరకు మొదటి వారంలోనే చెప్తారు. తర్వాత వచ్చే ప్రశ్న మాత్రం ఏ లెవెల్‌కి వెళ్లినా వదలదు. ‘సార్, టేబుల్ మగ ఎందుకు? దీపం ఆడ ఎందుకు? పుస్తకం రెండూ కాకుండా ఎందుకు పోయింది?’ డేర్ టిష్, డీ లంపె, డస్ బూఖ్. టిష్‌లో మగతనం ఏముందని వెతికితే ఏమీ దొరకదు. లింగం ఆ వస్తువుది కాదు, ఆ మాటది. ఒకే కత్తికి డస్ మెస్సర్ అంటే నపుంసకం, డీ క్లింగె అంటే స్త్రీలింగం. క్లింగె అంటే దాని అలుగు. చేతిలో ఉన్న వస్తువు అదే, మాట మారితే లింగం మారింది.

మనకి ఇది వింతగా అనిపించడానికి కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో లింగం లేదని కొందరంటారు, అది తప్పు. ‘వాడు వచ్చాడు’, ‘అది వచ్చింది’ అంటున్నాం కదా. ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ రెండింటికీ క్రియ ఒకటే. బహువచనంలోకి వెళ్తే ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ‘వచ్చారు’ అవుతారు, బస్సులు ‘వచ్చాయి’ అవుతాయి. మన వ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని చెప్పుకునేది ఇదే. అయితే తెలుగులో ఇదంతా అర్థాన్ని చూసి నడుస్తుంది. మనిషా కాదా, మగా ఆడా అని తెలిస్తే చాలు, ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు. అందుకే జర్మన్‌లో కూడా మన బుర్ర ముందు అర్థం వైపు చూస్తుంది. మనుషుల విషయంలో అది చాలావరకు పనిచేస్తుంది. డేర్ మన్, డీ ఫ్రౌ. వస్తువుల దగ్గరికి రాగానే చేతులెత్తేస్తుంది.

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఇంకో ఇబ్బంది. మీకు హిందీయో ఉర్దూయో వచ్చు. అందులో వస్తువులకి లింగం ఉంటుంది కాబట్టి ఆ ఆలోచన మీకు కొత్త కాదు, అంతవరకు లాభమే. కానీ మేజ్ హిందీలో స్త్రీలింగం, జర్మన్ టిష్ పుంలింగం. కితాబ్ స్త్రీలింగం, బూఖ్ నపుంసకం. అక్కడి లింగాన్ని ఇక్కడికి మోసుకురావద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొత్త మాట ఎదురైతే లింగంతో సహా ఎలా నిలుపుకోవాలి? నేను మూడు పనులు చెప్తాను. మాట తోక చూడటం, దాన్ని ఒక వాక్యంలో పెట్టి దాచడం, ఆ మాట బదులు సర్వనామం వాడి పలకడం. వీటిలో రెండోది చాలా ముఖ్యం, ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను. ముందు తోక సంగతి త్వరగా చూసేద్దాం.

‘ఉంగ్’తో ముగిసే మాటలన్నీ స్త్రీలింగం. డీ వోనుంగ్ అంటే ఫ్లాటు, డీ రెష్నుంగ్ బిల్లు, డీ త్సైటుంగ్ పేపరు, డీ ఫెర్‌జిషెరుంగ్ ఇన్సూరెన్స్, డీ హైత్సుంగ్ హీటరు. చలికాలంలో ఈ చివరి మాట మీకు రోజూ కావాలి. డేర్ ష్‌ప్రుంగ్ అని దూకడానికి ఒక మాట ఉంది, అది పుంలింగం. అయితే అందులో ‘ఉంగ్’ తగిలించిన తోక కాదు, మాట మొత్తం అంతే. ఇంత చిన్న మాట కనిపించినప్పుడు మాత్రం ఒకసారి ఆగండి. అలాగే ‘హైట్’, ‘కైట్’, ‘షాఫ్ట్’, ‘టేట్’, ‘త్సియోన్’ తోకలు కూడా స్త్రీలింగమే. గెజుంట్‌హైట్ ఆరోగ్యం, ఊనివెర్సిటేట్ యూనివర్సిటీ, ఒపెరత్సియోన్ ఆపరేషన్, అన్నిటికీ డీ.

‘షెన్’ తోక చిన్నదనాన్ని చెప్తుంది. అది ఎవరికి తగిలించినా నపుంసకం అయిపోతుంది. డస్ బ్రోట్‌షెన్ చిన్న రొట్టె. డస్ మేట్‌షెన్ అంటే అమ్మాయి, అమ్మాయి కూడా నపుంసకమే. క్లాసులో దీనికి కోపం తెచ్చుకునేవాళ్లు ఉంటారు. అది అమ్మాయి మీద అభిప్రాయం కాదండీ, తోక చేసిన పని. ఒక జాగ్రత్త చెప్తాను. డేర్ కూఖెన్ అంటే కేకు, పుంలింగం. రాతలో చివర అవే అక్షరాలు కనిపిస్తాయి, కానీ అది చిన్నదనం తోక కాదు. ఎలా తెలుస్తుంది? తోక తీసేస్తే మిగిలేది మాటలా ఉందా లేదా చూడండి. బ్రోట్‌షెన్‌లోంచి తోక తీస్తే బ్రోట్ మిగులుతుంది, అది రొట్టె. కూఖెన్‌లో తోక తీస్తే ‘కూ’ మిగులుతుంది, ఈ కేకుకీ దానికీ సంబంధం లేదు.

చివర ‘ఎ’ పలికే మాటలు పదింట తొమ్మిది దాకా స్త్రీలింగం. డీ లంపె, డీ టష్షె, డీ అడ్రెస్సె, డీ టబ్లెట్టె. మిగిలినవాటిలో మీరు రోజూ వాడేవి కొన్నే, వాటిని విడిగా గుర్తుపెట్టుకోండి. డేర్ నామె పేరు, డేర్ కొల్లేగె సహోద్యోగి, డేర్ కేజె చీజు, డస్ ఔగె కన్ను, డస్ ఎండె ముగింపు.

‘ఎర్’ తోకని మాత్రం నమ్మొద్దు. క్రియలోంచి పుట్టి ‘ఆ పని చేసేవాడు, చేసేది’ అనే అర్థం ఇస్తే పుంలింగం. డేర్ లేరర్ టీచరు, డేర్ డ్రుకర్ ప్రింటరు. ఊరికే ఆ చప్పుడు వినిపించినంత మాత్రాన కాదు. డీ బుట్టర్ వెన్న, డస్ ఫెన్‌స్టర్ కిటికీ, డస్ త్సిమ్మర్ గది, డీ నుమ్మర్ నంబరు.

ఇంకొకటి కూడా ఉంది, పుస్తకాల్లో దీన్ని ఒక మూల పడేస్తారు, నాకు మాత్రం చాలా పనికొచ్చేదిగా కనిపిస్తుంది. క్రియకి ఏ తోకా తగిలించకుండా దాన్నే కోసి నామవాచకం చేస్తే అది ఎక్కువగా పుంలింగం అవుతుంది. అన్‌రూఫెన్ ఫోన్ చేయడం, డేర్ అన్‌రూఫ్ ఫోన్ కాల్. ఫ్లీగెన్ ఎగరడం, డేర్ ఫ్లూగ్ విమాన ప్రయాణం. ఉమ్‌త్సీయెన్ ఇల్లు మారడం, డేర్ ఉమ్‌త్సూగ్ ఆ మారడమనే పని. అదే క్రియ మొదలుకి చివర ‘ట్’ చేరితే ఎక్కువగా స్త్రీలింగం. ఫారెన్ నుంచి డీ ఫార్ట్, ష్రైబెన్ నుంచి డీ ష్రిఫ్ట్. రెండిటిలోనూ మినహాయింపులు ఉన్నాయి. డస్ ష్పీల్ ఆట, డస్ అన్‌గెబోట్ ఆఫరు. అయినా ఏమీ తెలియనప్పుడు అంచనా వేసుకోవడానికి ఈ రెండూ గట్టి ఆధారం.

అతుకుడు మాటల సంగతి మీకు తెలుసు. ఎన్ని మాటలు కలిపి ఒక మాట చేసినా లింగం చివరి మాటది. రైలుకి ఇంజను వెనక తగిలించినట్టన్నమాట, ఎన్ని పెట్టెలున్నా నడిపేది చివరిదే. వోనుంగ్ స్త్రీలింగం, ష్ల్యూసెల్ అంటే తాళంచెవి పుంలింగం, కాబట్టి వోనుంగ్స్‌ష్ల్యూసెల్ డేర్. ఇందులో చిన్న సరదా ఉంది. బుధవారాన్ని మిట్‌వోఖ్ అంటారు, వారం మధ్య అని. వోఖె అంటే వారం, స్త్రీలింగం. అయినా బుధవారం డేర్, ఎందుకంటే మిగతా ఆరు రోజులూ డేర్. రోజుల గుంపు లాగిందన్నమాట. అలాగే జవాబుకి అంట్‌వోర్ట్ అంటారు, అది డీ. చివర ఉన్న వోర్ట్ మాత్రం డస్.

కార్లు కూడా ఇలాగే ఒక గుంపు. బీఎండబ్ల్యూ కారైతే డేర్, బీఎండబ్ల్యూ మోటార్‌సైకిల్ అయితే డీ. కారు వెనక డేర్ వాగెన్ అనే మాట, బండి వెనక డీ మషీనె అనే మాట కనిపించకుండా ఉన్నాయి. కంపెనీ ఒకటే, లింగం రెండు.

సరే, తోకల కథ ఇక్కడితో ఆపుతాను. తోక లేని మాటలు చాలా ఉన్నాయి, రోజూ వాడే చిన్న మాటలు ఎక్కువగా ఆ జాతివే. వాటికి ఏం చేయాలి?

మామూలుగా ఏం చెప్తారంటే, మాటని ఆర్టికల్‌తో కలిపి రాసుకోండి, ఆర్టికల్‌తో కలిపే చదవండి అంటారు. డేర్ టెర్మీన్, డీ త్సైట్, డస్ గెల్ట్. ఇది తప్పు కాదు. అయితే ఇది చాలదు. బోర్డు మీద ఒకటి రాస్తాను చూడండి. ‘ఒక’ అనే అర్థంలో వచ్చే ఆర్టికల్, కర్త స్థానంలో ఇలా ఉంటుంది. పుంలింగానికి ఐన్, స్త్రీలింగానికి ఐనె, నపుంసకానికి ఐన్. పుంలింగం, నపుంసకం రెండూ ఒకేలా ఉన్నాయి. అంటే ‘ఐన్ టిష్’, ‘ఐన్ బూఖ్’ అని ఎన్నిసార్లు అనుకున్నా మీ నోటికి తేడా తెలియదు. ఇప్పుడు అదే మాటని కర్మ స్థానంలో పెడదాం, అంటే అక్కుజాటివ్. ‘నాకు ఒకటి కావాలి’ అనే వాక్యం.

ఇష్ బ్రౌఖె ఐనెన్ టెర్మీన్. నాకు ఒక అపాయింట్‌మెంట్ కావాలి.
ఇష్ బ్రౌఖె ఐనె వోనుంగ్. నాకు ఒక ఫ్లాటు కావాలి.
ఇష్ బ్రౌఖె ఐన్ కోంటో. నాకు ఒక బ్యాంకు ఖాతా కావాలి.

ఐనెన్, ఐనె, ఐన్. మూడూ మూడు రకాలు. ‘ఒక’ ఆర్టికల్ మూడు లింగాలనూ విడదీసి చూపించే చోటు ఇదొక్కటే. కర్త స్థానంలో పుంలింగం, నపుంసకం కలిసిపోయాయి. డాటివ్‌లో కూడా అంతే, రెండూ ఐనెమ్ అయిపోతాయి. అక్కుజాటివ్‌లో పుంలింగం ఒక్కటే మారుతుంది, అది మారడం వల్లే మిగతా రెండింటి నుంచి విడిపోతుంది. పుస్తకంలో ఇది మీకు ఒక కష్టంగా కనిపించి ఉంటుంది, ‘అయ్యో డేర్ కాస్తా డేన్ అయిపోయింది’ అని. నిజానికి గుర్తుపెట్టుకునే పనికి అదే ఆసరా.

ఇంకో లాభం ఉంది. కొత్త దేశంలో దిగినవాడు మొదట్లో మాట్లాడే వాక్యాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. నాకు ఇది కావాలి, నా దగ్గర అది ఉంది, నేను ఇది వెతుకుతున్నాను. ఇష్ బ్రౌఖె, ఇష్ హాబె, ఇష్ జూఖె, మూడింటి తర్వాతా అక్కుజాటివే. అంటే మాటని దాచుకున్న రూపంలోనే బయటికి తీసి వాడతారు. డేర్ టెర్మీన్ అని దాచుకుంటే మాట్లాడేటప్పుడు మనసులో లెక్క వేసి ఐనెన్ అని మార్చాలి. ఆ లెక్క వేసేలోపు అవతలివాళ్లు ‘నెక్స్ట్’ అనేస్తారు.

‘సార్, లెక్కపెట్టలేని వాటికి? నాకు ఒక డబ్బు కావాలి అనలేం కదా?’

మంచి ప్రశ్న అడిగారమ్మా. అక్కడ ‘లేదు’ వాక్యం వాడండి. ఇష్ హాబె కైనెన్ హుంగర్, ఆకలి లేదు. ఇష్ హాబె కైనె త్సైట్, టైం లేదు. ఇష్ హాబె కైన్ గెల్ట్, డబ్బు లేదు. ‘కైన్’ ముందు ‘క’ తప్ప మిగతాదంతా ‘ఐన్’ లాగే నడుస్తుంది, కాబట్టి అదే తేడా ఇక్కడా వినిపిస్తుంది. పాలు, చక్కెర, ఉప్పు అన్నీ ఇలా వేసుకోండి. కైనె మిల్ష్, కైనెన్ త్సుకర్, కైన్ జాల్ట్స్. వంటింట్లో ఏమీ లేనట్టు ఉంటుంది గానీ లింగాలు మాత్రం నిలబడతాయి.

ఈ పద్ధతికి ఒక లోటుంది, అది కూడా చెప్పాలి. మామూలు మాటల్లో జర్మన్లు ఐనెన్ అని పూర్తిగా పలకరు. అది ‘నెన్’ అవుతుంది, ఐనె ‘నె’ అవుతుంది, ఐన్ ఊరికే ‘న్’ అవుతుంది. మీ చెవికి కొత్తలో ఆ తేడా అందకపోవచ్చు. అందుకని రెండో వారం నుంచి ఆ వాక్యంలో ఒక విశేషణం చేర్చండి. ‘కొత్త’ అని నోయ్ చాలు. ఇష్ బ్రౌఖె ఐనెన్ నోయెన్ ష్ల్యూసెల్, ఐనె నోయె అడ్రెస్సె, ఐన్ నోయెస్ ఫోర్ములార్. నోయెన్, నోయె, నోయెస్. ఇప్పుడు ఆర్టికల్ మింగేసినా విశేషణం లింగాన్ని చెప్పేస్తుంది. ముఖ్యంగా నపుంసకం ఇంతవరకు గుర్తేమీ లేకుండా ఉండేది, దానికి ‘ఎస్’ అనే తోక దొరికింది. విశేషణాల పట్టికని విడిగా బట్టీ పట్టే బాధ కూడా కొంత తగ్గుతుంది.

ఇంకో లోటు. కొన్ని మాటలకి ఏకవచనం ఉండదు. డీ ఎల్టెర్న్ తల్లిదండ్రులు, డీ లోయ్‌టె జనం, డీ కోస్టెన్ ఖర్చులు. ఇక్కడ డీ బహువచనానిది, స్త్రీలింగానిది కాదు. వీటిని ‘బహువచనం మాత్రమే’ అని పక్కన రాసుకుని వదిలేయండి.

ఇప్పుడు ఒక నిజమైన సందర్భం తీసుకుని మొత్తం చేసి చూద్దాం. మీరు జర్మనీలో ఇంట్లో దిగాక రెండు వారాల్లో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. చాలా ఊళ్లలో బ్యూర్గర్‌అమ్ట్ అనే ఆఫీసులో చేస్తారు. 2015 నవంబరు నుంచి ఇంటి ఓనరు ఇచ్చే ధ్రువీకరణ కూడా తప్పనిసరి అయింది, దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. నవ్వకండి, ఆ మాట మీరు పలకాల్సిందే. ఈ పనిలో ఎదురయ్యే పన్నెండు మాటలు బోర్డు మీద పెడుతున్నాను. అన్‌మెల్డుంగ్, టెర్మీన్, బ్యూర్గర్‌అమ్ట్, ఫోర్ములార్, రైజెపాస్, మీట్‌ఫెర్‌ట్రాగ్, వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, ఉంటర్‌ష్రిఫ్ట్, అడ్రెస్సె, గెబ్యూర్, ఫెర్‌మీటర్, ష్ల్యూసెల్.

ముందు తోకలు. అన్‌మెల్డుంగ్‌కి ఉంగ్ ఉంది, డీ. ఆ పొడుగాటి మాట భయపెడుతుంది గానీ చివర చూడండి, ఉంగ్. డీ. అన్నిటికంటే పొడుగు మాట అన్నిటికంటే సులువు. అడ్రెస్సె చివర ‘ఎ’, డీ. ఫెర్‌మీటర్ అంటే అద్దెకిచ్చేవాడు, ఫెర్‌మీటెన్ అనే క్రియలోంచి వచ్చిన మనిషి, డేర్. ఓనరు ఆడమనిషైతే ఫెర్‌మీటరిన్, డీ. మీట్‌ఫెర్‌ట్రాగ్ అంటే అద్దె ఒప్పందం. చివరి మాట ఫెర్‌ట్రాగ్, తోక లేకుండా క్రియలోంచి కోసింది, డేర్. ఉంటర్‌ష్రిఫ్ట్ సంతకం, చివర ష్రిఫ్ట్, ఇందాక చెప్పిన ‘ట్’ జాతి, డీ.

ఆరు అయిపోయాయి. మిగిలినవి టెర్మీన్, అమ్ట్, ఫోర్ములార్, పాస్, గెబ్యూర్, ష్ల్యూసెల్. బ్యూర్గర్‌అమ్ట్‌లో అమ్ట్ నేర్చుకుంటే చాలు, రేపు ఫినాంత్స్‌అమ్ట్ అంటే పన్నుల ఆఫీసు వచ్చినా మళ్లీ కష్టపడక్కర్లేదు. గెబ్యూర్ అంటే ఫీజు, ఇది కొంచెం మోసం చేస్తుంది. ‘గె’తో మొదలయ్యే మాటలు చాలావరకు నపుంసకం. డస్ గెమ్యూజె కూరగాయలు, డస్ గెపెక్ లగేజీ, డస్ గెబోయ్‌డె భవనం. అన్నట్టు గెమ్యూజె, గెబోయ్‌డె చివర ‘ఎ’ ఉన్నా డస్సే. గెబ్యూర్ మాత్రం డీ. అందుకే దీన్ని చేతితో పట్టుకుని నేర్చుకోవాలి.

ఈ ఆరింటికీ వాక్యాలు. ఇష్ బ్రౌఖె ఐనెన్ టెర్మీన్. ఇష్ బ్రౌఖె ఐన్ ఫోర్ములార్. ఇష్ హాబె ఐనెన్ పాస్. ఇష్ హాబె ఐనెన్ ష్ల్యూసెల్. ఇష్ త్సాలె ఐనె గెబ్యూర్, ఒక ఫీజు కడుతున్నాను. ఇష్ జూఖె ఐన్ అమ్ట్, కొంచెం వింత వాక్యమే, అయినా పనిచేస్తుంది. పన్నెండు మాటలుంటే ఆరింటికే కష్టపడ్డాం, ఆ ఆరూ వాక్యాలుగా నోట్‌బుక్‌లోకి వెళ్లాయి. నోట్‌బుక్‌లో ఎడమవైపు తెలుగు అర్థం, కుడివైపు వాక్యం. బహువచనం కూడా పక్కన రాయండి. చదివేటప్పుడు కుడివైపు చెయ్యి అడ్డం పెట్టి వాక్యం మొత్తం బయటికి పలకాలి. మనసులో చదివితే లాభం తక్కువ, ఐనెన్‌లో ఆ చివరి ‘న్’ నాలుకకి తగలాలి.

రంగులు వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ అని పుస్తకాలు ఇస్తాయి. వేసుకోండి, నష్టం లేదు. కాకపోతే పరీక్షలో మాట్లాడేటప్పుడు రంగు కనిపించదు. నాకైతే రంగు పెన్నుల మీద పెట్టే శ్రద్ధ వాక్యం పలకడం మీద పెడితే బాగుండునని ఉంటుంది.

ఇక మూడోది, సర్వనామం. మన తెలుగువాళ్లు ఆర్టికల్ సరిగ్గా చెప్పి కూడా ఇక్కడ దొరికిపోతారు. ‘ప్రింటర్ పాడైంది, అది పనిచేయట్లేదు’ అంటాం. వస్తువు కాబట్టి మన నోటికి ‘అది’ వస్తుంది, దాన్ని జర్మన్‌లో ‘ఎస్’ అనేస్తాం. డేర్ డ్రుకర్ ఇస్ట్ కపుట్ అని సరిగ్గా మొదలుపెట్టి, వెంటనే ఎస్ ఫుంక్త్సియోనీర్ట్ నిష్ట్ అంటాం. అక్కడ ‘ఏర్’ రావాలి. మనిషిని ఎలా అంటారో ప్రింటర్‌నీ అలాగే, ఏర్. దీపమైతే జీ. పుస్తకమైతేనే ఎస్.

వినేవాళ్లు పట్టించుకోరులే అనుకోవచ్చు. చాలాసార్లు పట్టించుకోరు, నిజమే. జర్మన్లు ఆర్టికల్ తప్పుని అర్థం చేసుకుని ముందుకు వెళ్లిపోతారు. రెండు వస్తువులు మాటల్లో ఉన్నప్పుడు మాత్రం ఇబ్బంది. ఇక్కడ నర్సులు ఉన్నారు కాబట్టి ఆసుపత్రి మాటే చెప్తాను. ఒక పేషెంటుకి ఆయింట్‌మెంటు, ప్లాస్టరు ఇచ్చారు. డీ జాల్బె, డస్ ఫ్లాస్టర్. పేషెంటు ‘జీ బ్రెంట్’ అంటే ఆయింట్‌మెంటు మంటగా ఉందని. ‘ఎస్ ఇస్ట్ త్సూ క్లైన్’ అంటే ప్లాస్టరు చిన్నదైపోయిందని. పేషెంటు వస్తువు పేరు మళ్లీ చెప్పడు, లింగమే చెప్తుంది. దేని గురించి మాట్లాడుతున్నాడో మీకు అక్కడే తెలియాలి.

దీనికి ఇంట్లో చేసే పని ఒకటుంది. కొత్త మాట నేర్చుకున్నప్పుడు రెండు చిన్న వాక్యాలు అనుకోండి. వో ఇస్ట్ డేర్ ష్ల్యూసెల్? డా ఇస్ట్ ఏర్. తాళంచెవి ఎక్కడ? ఇదిగో. వో ఇస్ట్ డీ టష్షె? డా ఇస్ట్ జీ. వో ఇస్ట్ డస్ హెండీ? డా ఇస్ట్ ఎస్. హెండీ అంటే మొబైలు. గదిలో తిరుగుతూ కనిపించిన ప్రతిదాన్నీ ఇలా అడిగి మీరే జవాబు చెప్పుకోవచ్చు. ఇంట్లోవాళ్లు కాస్త వింతగా చూస్తారు, అంతే. ‘అది’ అలవాటు వదలాలంటే ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

‘సార్, నేను యూట్యూబ్‌లో వింటూ మాటలు రాసుకుంటాను. కానీ ఒకే మాటకి ఒకసారి డేర్, ఒకసారి డీ వినిపిస్తుంది.’

అవును, చాలామంది అక్కడే మోసపోతారు. డేర్ వినిపిస్తే పుంలింగం అని రాసేస్తారు. మిట్ డేర్ బాన్, రైల్లో. ఇన్ డేర్ అపొటేకె, మందుల షాపులో. బాన్, అపొటేకె రెండూ స్త్రీలింగమే, డాటివ్‌లో ఉన్నాయి కాబట్టి డీ కాస్తా డేర్ అయింది. డీ వినిపిస్తే స్త్రీలింగమైనా కావచ్చు, ఏ లింగానికైనా బహువచనమైనా కావచ్చు. కాబట్టి విన్న ప్రతిదాన్నీ సాక్ష్యంగా తీసుకోవద్దు. పక్కా సాక్ష్యాలు కొన్నే. ఐనెన్ వింటే పుంలింగం. డస్ మాట ముందు వింటే నపుంసకం. త్సూర్ వింటే స్త్రీలింగం, త్సూర్ షూలె, త్సూర్ పోస్ట్. ఇన్స్ వింటే నపుంసకం, ఇన్స్ కీనో అంటే సినిమాకి. ఇమ్, త్సుమ్, డేమ్ వింటే స్త్రీలింగం మాత్రం కాదు, మిగతా రెండిట్లో ఏదో ఒకటి, అక్కడ డిక్షనరీ చూడాల్సిందే.

డిక్షనరీ కూడా ఒక్కోసారి రెండు చెప్తుంది, కంగారు పడకండి. పెరుగు, అంటే యోగుర్ట్, డేర్ అన్నా ఒప్పే, డస్ అన్నా ఒప్పే. ఈ-మెయిల్ జర్మనీలో ఎక్కువగా డీ, దక్షిణ జర్మనీలో, ఆస్ట్రియాలో, స్విట్జర్లాండ్‌లో డస్ కూడా వింటారు. మీరు ఏ ఊరు వెళ్తున్నారో ఆ ఊరివాళ్లు ఏమంటే అది అనండి, పరీక్షలో డిక్షనరీలో మొదట ఉన్నది రాయండి. ఒకే మాట లింగం మారితే అర్థం మారేవి వేరే రకం. డేర్ జే అంటే చెరువు, డీ జే అంటే సముద్రం. డీ ష్టోయర్ అంటే పన్ను, డస్ ష్టోయర్ అంటే కారు స్టీరింగు. జీతం వచ్చాక మొదటి మాట మీకు బాగానే గుర్తుంటుంది.

వెనక నుంచి ఎవరో చెయ్యెత్తారు, అడగండి.

‘పరీక్షలో మాట్లాడేటప్పుడు లింగం అస్సలు గుర్తు రాకపోతే ఏం చేయాలి సార్?’

ఆగిపోవద్దు. బహువచనం వీలైతే అది వాడండి, ఇష్ బ్రౌఖె ఫోర్ములారె, కొన్ని ఫారాలు కావాలి అనొచ్చు, అప్పుడు ఆర్టికల్ బాధ ఉండదు. అది కుదరకపోతే తోక చూసి అంచనా వేయండి, తోక లేకపోతే ఏదో ఒకటి అనేసి వాక్యం పూర్తి చేయండి. ఆర్టికల్ కోసం నాలుగు సెకన్లు నిలబడిపోవడం కంటే తప్పు ఆర్టికల్‌తో వాక్యం ముగించడం మేలు. బయటికి వచ్చాక ఆ మాటని నోట్‌బుక్‌లో ఐనెన్‌తోనో ఐనెతోనో రాసుకోండి. కొంతమంది అన్నిటికీ ‘షెన్’ తగిలించి డస్ చేసేయొచ్చు కదా అని తెలివితేటలు చూపిస్తారు. ‘నాకు చిన్ని అపాయింట్‌మెంటు కావాలి, చిన్ని పాసుపోర్టు ఉంది’ అని బ్యూర్గర్‌అమ్ట్‌లో చెప్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు చిన్న విరామం తీసుకుందాం. వచ్చేటప్పుడు నోట్‌బుక్ తెచ్చుకోండి. ఆసుపత్రి మాటలు ఒక పన్నెండు బోర్డు మీద రాసి ఉంచుతాను, తోకతో తేలేవి ఏవో, వాక్యంలో దాచాల్సినవి ఏవో మీరే విడదీయాలి.